సూరత్‌లో చీరల సరుకు కొనడం ఎలా? రేటు కంటే ముందు గడువు తేల్చుకోండి

మా పాలకొల్లు చుట్టుపక్కల చిన్న చీరల కొట్లవాళ్లు ఏటా ఎవరో ఒకరు సూరత్ వెళ్లొస్తారు. సరుకు చౌకగా దొరికిందని సంబరపడతారు, రెండు నెలలు తిరిగేసరికి బాకీ కట్టలేక అదే సరుకు కొన్న రేటుకే వదిలించుకుంటారు. వాళ్లు బేరం ఆడటం రాక దెబ్బతినరు. గడువు లెక్క వేసుకోకపోవడం వల్ల దెబ్బతింటారు. నేను ఏడాదికి రెండుసార్లు వెళ్తాను, ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ప్రయాణం సంగతి. జి.ఎస్.టి. సర్టిఫికెట్, పాన్ కార్డు, చెక్కు బుక్కు, కుట్టుపని టేపు, ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. పోయిన సీజన్‌లో ఏ రేటు చీర ఎన్ని అమ్మారో, ఏ రంగు మిగిలిందో ఆ పుస్తకంలో రాసి ఉండాలి. విజయవాడ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా సూరత్‌లో దిగొచ్చు. ఆదివారం మార్కెట్లు మూసి ఉంటాయి, దీపావళి తర్వాత లాభపంచమి దాకా వెళ్లినా పని జరగదు. రింగ్ రోడ్ మార్కెట్ల దగ్గరే గది తీసుకోండి.

మొదటి రోజు ఒక్క చీర కూడా కొనకండి. నలుగురైదుగురి దగ్గర రేట్లు రాసుకుని రండి, అంతే. ఇక్కడ విడిగా ఇవ్వరు, సెట్టుగానే ఇస్తారు. ఆరో ఎనిమిదో చీరల సెట్టులో మన వైపు అసలు పోని రంగు రెండు ఉంటే, ఆ రెండింటి ధర మిగతావాటి మీద వేసుకుని రేటు చూడండి. కట్టలో పైది కాకుండా మధ్యలోది తీయించి టేపుతో కొలవండి. జాకెట్టు ముక్కతో కలిపి 6.30 మీటర్లు అని చెబితే 6.30 ఉండాలి. కుచ్చిళ్లు చాలని చీర ఒక్కటి అమ్మితే ఆ వీధి మొత్తం మన కొట్టుకి రాదు. వాట్సాప్ ఫొటో చూసి ఆర్డర్ పెట్టేవాళ్లు ఈ కొలత ఎప్పటికీ వెయ్యలేరు. నేను వాట్సాప్‌లో పాత రకం మళ్లీ తెప్పిస్తానే గానీ కొత్తది కొనను.

ఇక అసలు విషయం, అప్పు. కొత్తగా వెళ్లినవాళ్లకి నేరుగా అప్పు ఇవ్వరు. మధ్యలో ఆడతియా, అంటే ఏజెంటు, ఉంటాడు. మన గురించి అతను మాట ఇస్తే కొట్టువాళ్లు సరుకు పంపుతారు. అప్పుడు ఒక మాట వినిపిస్తుంది: "మీరు మనవాళ్లేనండి, అరవై రోజుల్లో కట్టండి." చాలామంది అక్కడే తల ఊపేస్తారు. మీరు వెంటనే అడగాల్సింది, "పది రోజుల్లో కడితే ఎంత తగ్గిస్తారు?" అని.

లక్ష రూపాయల సరుకు అనుకుందాం, పన్ను పక్కన పెట్టండి. పది రోజుల్లో కడితే అయిదు శాతం తగ్గింపు, లేదంటే అరవై రోజులకి పూర్తి లక్ష అన్నారు. అంటే 95,000 కట్టాల్సింది యాభై రోజులు ఆపుకున్నందుకు మీరు 5,000 ఇస్తున్నారు. మన లెక్కలో చెప్పాలంటే అది నూటికి నెలకి మూడు రూపాయలు దాటిన వడ్డీ. ఊళ్లో ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటే మీరు దండం పెట్టి వచ్చేస్తారు కదా, ఇక్కడ మాత్రం ఎందుకు తీసుకుంటున్నారు? బ్యాంకులో రూపాయి వడ్డీకి ఓవర్‌డ్రాఫ్ట్, అదే ఓ.డి., ఉంటే ఆ యాభై రోజులకి 1,600 లోపే అవుతుంది, 3,400 మిగులుతుంది. ఓ.డి. లేకపోతే సరుకు తగ్గించి కొనండి. తగ్గింపు ఒక శాతమే అంటే మాత్రం నిక్షేపంగా అరవై రోజుల గడువు తీసుకోండి, ఎందుకంటే అప్పుడు వడ్డీ రూపాయి కూడా పడదు.

రెండో చిక్కు, గడువు ఏ రోజు నుంచి లెక్క అన్నది. దాదాపు అందరూ బిల్లు తేదీ నుంచి లెక్కేస్తారు, సరుకు మన గుమ్మం ఎక్కిన రోజు నుంచి కాదు. డిసెంబర్ 1న బిల్లు రాశారు, నాలుగో తేదీన లారీ ఎక్కింది, పద్నాలుగున మనకి చేరింది, విప్పి రేట్లు వేసి అలమారలో పెట్టేసరికి పదిహేడు. గడువు జనవరి 30కి అయిపోతుంది. సంక్రాంతి సరుకుకి ఇది సరిపోతుంది, సార్వా కోతలై ధాన్యం డబ్బు రైతుల చేతికి వచ్చే రోజులు కాబట్టి మనం రాసిన అరువు కూడా పండగ వెళ్లేలోపు చాలావరకు వసూలవుతుంది.

అదే లెక్క శ్రావణానికి వేస్తే మునిగిపోతారు. జూలై 1 బిల్లుకి గడువు ఆగస్టు 30. సరిగ్గా అప్పుడే డెల్టాలో నాట్లు, ఎరువులు, కూలీల ఖర్చు. వరలక్ష్మీ వ్రతానికి చీర పట్టుకెళతారు, డబ్బు కోతలయ్యాక ఇస్తామంటారు. వాళ్లది తప్పు కాదు, డబ్బు మళ్లీ కోతలకే వస్తుంది. ఒక ఏడాది నేను మూడు లక్షల సరుకు అరవై రోజుల గడువుకి తెచ్చి, ఆగస్టు ఆఖరుకి ఖాతా పుస్తకం నిండా పేర్లు, గల్లాపెట్టెలో నలభై వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. అప్పటినుంచి శ్రావణం సరుకు సంక్రాంతి సరుకులో సగమే, అదీ డబ్బు చేతిలో ఉన్నంతకే కొంటాను.

మాటగా అనుకున్నదేదీ నిలబడదు. తగ్గింపు శాతం, గడువు, ఆలస్యమైతే వడ్డీ ఎంత, పాడైన చీర ఎన్ని రోజుల్లో వెనక్కి పంపొచ్చు, ఈ నాలుగూ ఆర్డర్ కాగితం మీద రాయించి ఫొటో తీసుకోండి. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో వడ్డీ సంగతి ఉంటుంది, చదవండి. డబ్బు ఎప్పుడూ బిల్లు మీదున్న పేరుగల బ్యాంకు ఖాతాకే వెయ్యండి. ఒకసారి ఏజెంటు చేతికి నగదు ఇచ్చాను, అది కొట్టుకి చేరలేదు, రసీదు లేదు, మళ్లీ కట్టాను.

ట్రాన్స్‌పోర్ట్ కష్టమేమీ కాదు. మన ఊరికి నేరుగా డెలివరీ ఉన్న ట్రాన్స్‌పోర్ట్ పేరు మీరే చెప్పండి, లేకపోతే వాళ్లకి తోచిన దాంట్లో వేస్తారు, బేలు విజయవాడలో దిగి కూర్చుంటుంది. కిరాయి ఎవరిదో ముందే తేల్చండి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. దాంట్లో మన జి.ఎస్.టి. నంబరు, ఊరు సరిగ్గా ఉన్నాయో లేదో బండి కదలకముందే చూడండి. లారీ రసీదు, అదే ఎల్.ఆర్., ఫొటో అదే రోజు పంపించమనండి.

బేలు వచ్చాక సంతకం పెట్టే ముందు కాటా వేయించండి. ఎల్.ఆర్. మీద 62 కిలోలు ఉండి కాటా 57 చూపిస్తే, లేదా గోనె కుట్టు ఒకచోట వేరే రంగు దారంతో ఉంటే, ఆ విషయం డెలివరీ కాగితం మీద రాసి, ట్రాన్స్‌పోర్ట్ గుమస్తా చేత కూడా సంతకం పెట్టించి, అప్పుడు తీసుకోండి. మన కొట్టులో విప్పేటప్పుడు వీడియో తీస్తూ సెట్టు సెట్టుగా బిల్లుతో సరిచూడండి. తక్కువైనవి, మరకలున్నవి ఫొటోలు తీసి ఆ సాయంత్రమే ఏజెంటుకి, సూరత్ కొట్టుకి ఇద్దరికీ పంపండి. తగ్గింపు గడువు పది రోజులైతే సరుకు రాకముందే డబ్బు కట్టాల్సి రావచ్చు, అందుకే తగ్గింపు రోజులు మాత్రం సరుకు చేరిన తేదీ నుంచి లెక్కేసేలా ఆర్డర్ కాగితం మీదే రాయించుకోండి. రెండోసారి వెళ్లినప్పటి నుంచి చాలామంది ఒప్పుకుంటారు.