ట్యాంక్ నీళ్లు పచ్చగా మసకబారితే: ఫోటో చూసి కారణం పట్టుకోవడం

చెన్నైలో ఎండలు మొదలయ్యాయంటే చాలు, మా బంధువుల గ్రూపులో చేపల ట్యాంకు ఫోటోలు మొదలవుతాయి. కొళత్తూరు నుంచి గోల్డ్‌ఫిష్ తెచ్చుకున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: "నీళ్లు పచ్చగా అయిపోయాయి. నాచు పట్టిందా, మేత ఎక్కువైందా, ఫిల్టర్ పనిచేయట్లేదా?"

ఈ మూడూ ఒక వరుసలో నిలబడేవి కావు. నీళ్లకు నిజంగా పచ్చరంగు వచ్చిందంటే అందులో ఉన్నది నాచే. కంటికి విడివిడిగా కనిపించనంత సన్నని ఆల్గే కణాలు నీళ్లంతా తేలుతూ ఉంటాయి. మేత ఎక్కువైనంత మాత్రాన నీళ్లు పచ్చబడవు, పాలు కలిపినట్టు తెల్లగా మసకబారతాయి. ఫిల్టర్ బలహీనమైతే నలుసులు తిరుగుతూ కనిపిస్తాయి. కాబట్టి ఫోటో చూసేటప్పుడు రెండు విషయాలు విడిగా తేల్చుకోవాలి: నీళ్లలో ఏముంది, దానికి తిండి ఎక్కడి నుంచి వస్తోంది. పచ్చనీళ్ల ట్యాంకుల్లో మేతా ఫిల్టరూ చాలాసార్లు ఆ రెండో ప్రశ్నకు జవాబుగా దొరుకుతాయి.

ముందు ఫోటోనే అనుమానించాలి

వెనక నీలం పోస్టర్ ఉండి, నీళ్లలోకి చెక్కదుంగ రంగు కాస్త దిగితే, పసుపూ నీలమూ కలిసి ఫోటోలో పచ్చగా కనబడుతుంది. మామూలు అద్దానికే అంచుల దగ్గర పచ్చఛాయ ఉంటుంది. ట్యాంక్ పైనున్న రంగుల ఎల్ఈడీ లైటు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఫోటోలో తెల్లటి వస్తువు ఏదైనా ఉందేమో వెతకండి. పంపు పైపో, థర్మామీటర్ వెనక తెల్ల పట్టీనో, ఏదో ఒకటి ఉంటుంది. ముందు అద్దానికి ఆనుకుని ఉన్న తెలుపు తెల్లగానే ఉండి, వెనక గోడ దగ్గరి తెలుపు పచ్చబారితే రంగు నీళ్లదే. ముందున్నదీ పచ్చగానే ఉంటే లైటునో కెమెరానో అనుమానించాలి. అప్పుడు ఇంకో ఫోటో అడగండి. ట్యాంకు నీళ్లు గాజు గ్లాసులో తీసుకుని, తెల్ల కాగితం ముందు పెట్టి, ఫ్లాష్ లేకుండా పగటి వెలుగులో తీయమనండి. నేనైతే ఈ గ్లాసు ఫోటో రాకుండా ఏ మందూ చెప్పను.

అదే గ్లాసుకు పక్క నుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి మరో ఫోటో తీయిస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. నాచు అయితే వెలుగు దారి మొత్తం ఒకే రకంగా పచ్చగా మెరుస్తుంది. బ్యాక్టీరియా అయితే తెల్లని పొగలా ఉంటుంది. మట్టీ చెత్తా అయితే చుక్కలు చుక్కలుగా మెరుస్తాయి, గ్లాసును కొన్ని గంటలు కదపకుండా ఉంచితే అడుక్కి దిగిపోతాయి. నాచు అంత త్వరగా దిగదు.

తెల్లగా మసకగా ఉంటే

ఇది మేత వ్యవహారం, లేదా కొత్త ట్యాంకు. మిగిలిపోయిన మేత కుళ్లితే దాన్ని తినే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరుగుతుంది. ఫోటోను జూమ్ చేసి గులకరాళ్ల మధ్య చూడండి. ఉబ్బిపోయిన గుళికలు, వాటి మీద తెల్లని బూజు కనిపిస్తే సాక్ష్యం దొరికినట్టే. రెండు రోజులు మేత ఆపి, అడుగున ఉన్నది పైపుతో లాగేసి, నాలుగో వంతు నీళ్లు మార్చి, ఎయిర్ పంపు ఆపకుండా నడపాలి. సాధారణంగా కొద్ది రోజుల్లో తేరుకుంటుంది. చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మాత్రం అమ్మోనియా టెస్ట్ చేయించాల్సిందే. అది ఏ ఫోటోలోనూ కనిపించదు.

నలుసులు తిరుగుతుంటే

ఫిల్టర్ దగ్గరికి వెళ్లాలి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ట్యాంకు మీది ట్రేలో దూదితో నీళ్లు వడకట్టే టాప్ ఫిల్టర్. దానికి ఒక గుర్తు ఉంది. దూది మూసుకుపోతే నీళ్లు దాని గుండా దిగలేక, ట్రే అంచు మీదుగా పొర్లి ట్యాంకులో పడతాయి. ఫోటోలో ట్రే పక్కన తడి చార కనిపిస్తే నీళ్లు వడకట్టకుండానే తిరుగుతున్నాయని అర్థం. పంపు హోరు వినబడుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లు ఫిల్టర్ బాగానే ఉందంటారు.

ప్రవాహం కొలవాలంటే పంపు పైపు కొసను లీటరు సీసాలో పెట్టి సెకన్లు లెక్కపెట్టండి. 12 సెకన్లలో నిండితే గంటకు 300 లీటర్లు. 60 లీటర్ల ట్యాంకుకి అది గంటకు అయిదుసార్లు తిరిగినట్టు, చాలు. పెట్టె మీద రాసిన అంకెను నమ్మకండి, అది నీళ్లను పైకి ఎత్తే భారం లేని కొత్త పంపుది. దూదిని కుళాయి నీళ్లలో కడగొద్దు. క్లోరిన్ తగిలితే అమ్మోనియాను విరగ్గొట్టే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే బకెట్లో పిండండి.

నిజంగానే పచ్చగా ఉంటే: పెరంబూరు ట్యాంకు

పెరంబూరులో ఉండే మా పిన్ని కూతురు పంపిన ఫోటో తీసుకుందాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. అంచుదాకా నింపితే సుమారు 70 లీటర్లు, గులకరాళ్లూ పైన వదిలిన ఖాళీ పోను 60 దాకా నీళ్లు. అయిదు గోల్డ్‌ఫిష్.

"అన్నయ్యా, ఫిల్టర్ మార్చేయమంటావా? వారానికి రెండుసార్లు సగం నీళ్లు తీసేస్తున్నా, మూడో రోజుకల్లా మళ్లీ ఇలాగే" అని రాసింది.

ఫోటోలో వెనక గోడ కనపడటం లేదు. ముందున్న పంపు పైపు తెల్లగా ఉంది, వెనక్కి వెళ్లే దాని భాగం పచ్చదనంలో మాయమైంది. ఎంత జూమ్ చేసినా నలుసు లేదు. అంటే తేలే నాచు. ట్యాంకు ఎడమపక్క బాల్కనీ తలుపు, నేల మీద ఎండ పట్టీ ట్యాంకు కాళ్ల దాకా వచ్చింది. అదీ వెలుగు లెక్క. అడుగున ఎర్ర గుళికలు ఉబ్బి ఉన్నాయి. ట్రే అంచున తడి చార.

వెలుగు బాల్కనీది, ఎరువు మేతది. మూసుకున్న ఫిల్టర్ ఆ మేతను అడుగునే కుళ్లనిచ్చింది. అయితే ఫిల్టర్ మార్చినా ఈ రంగు పోదు. ఈ నాచు కణాలు మిల్లీమీటరులో వందో వంతు కంటే చిన్నవి కావొచ్చు, దూది కంతల గుండా హాయిగా వెళ్లిపోతాయి. సగం నీళ్లు తీసేస్తే సగం నాచు మిగులుతుంది. మంచి ఎండలో అది ఒకటి రెండు రోజుల్లో రెట్టింపు అవుతుంది. మూడో రోజు మళ్లీ పచ్చబడటంలో వింతేమీ లేదు.

చేయమని చెప్పింది ఇది. మొదటి రోజు అడుగు శుభ్రంగా లాగి, నలభై శాతం నీళ్లు మార్చాలి. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. దూది పాత నీళ్లలో పిండాలి. తర్వాత లైటు తీసేసి, ట్యాంకు నాలుగు పక్కలా అట్టముక్కలు కట్టి, మీద దుప్పటి వేయాలి. సందుల్లోంచి వెలుగు పడకూడదు కానీ పైన గాలి ఆడాలి. నాలుగు రోజులు అలాగే ఉంచాలి. మేత లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గోల్డ్‌ఫిష్‌కి నాలుగు రోజుల పస్తు ఏమీ చేయదు.

ఎయిర్ పంపు మాత్రం ఒక్క గంట కూడా ఆగకూడదు. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, చీకట్లో చేపలతో పాటు అదీ వాడుకుంటుంది. చచ్చి కుళ్లేటప్పుడు ఇంకా లాగేస్తుంది. మే నెలలో మన ఇంట్లో నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి, వేడి నీళ్లలో ఆక్సిజన్ నిలిచేదే తక్కువ. తెల్లవారుజామున చేపలు పైన గుటకలు వేస్తున్నాయా అని రోజూ ఒకసారి దుప్పటి అంచు ఎత్తి చూడాలి. కరెంటు పోయే ఏరియా అయితే బ్యాటరీతో నడిచే పంపు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

దుప్పటి తీసిన రోజే మళ్లీ సగం నీళ్లు మార్చాలి. ఇది వదిలేస్తే చచ్చిన నాచు కుళ్లి కొత్త నాచుకు ఎరువవుతుంది. పచ్చదనం పోయి కాస్త బూడిదరంగు మసక మిగిలితే కంగారు వద్దు, ఫిల్టర్ దాన్ని లాగేస్తుంది.

ఆ తర్వాత బాల్కనీ వైపు అద్దానికి బయట నల్ల చార్టు అంటించడం, లైటుకు టైమర్ పెట్టి రోజుకు ఆరేడు గంటలకు కుదించడం, రెండు నిమిషాల్లో తినేసేంత మేత మాత్రమే వేయడం. మా పిన్ని ఇంట్లో కష్టమైంది మూడోదే. పిల్లలు, తాతయ్య, పనమ్మాయి, అందరూ ఎవరి వాటా వాళ్లు వేస్తున్నారు. మేత డబ్బా పై అరలోకి వెళ్లింది.

షాపులో ఇచ్చే "నీళ్లు తేటపరిచే" మందు గురించి ఒక మాట. నాచు దట్టంగా ఉన్నప్పుడు అది కణాలను ముద్దలు కట్టించి ఫిల్టర్‌ను మూసేస్తుంది. నాచును చంపే మందులైతే ఒక్కరోజులో అంతా చంపి ఆక్సిజన్ పడగొట్టగలవు. రాగి కలిసినవి నత్తలకూ రొయ్యలకూ విషం. డబ్బు పెట్టాలనుకుంటే చిన్న యూవీ ఫిల్టర్ కొనండి. తేలే నాచును అది నిజంగా చంపుతుంది, అయితే ఎండా మేతా అలాగే ఉంటే అది ఆపిన రోజే కథ మొదటికొస్తుంది.

ఇంకో మాట, పచ్చనీళ్లు చేపలకు విషం కాదు. పిల్ల చేపల్ని పెంచే సిమెంటు తొట్లలో నీళ్లు చాలాచోట్ల పచ్చగానే ఉంటాయి. కాబట్టి చేపలు చురుగ్గా ఉంటే రాత్రికి రాత్రే ట్యాంకంతా ఖాళీ చేసి కడగక్కర్లేదు. అలా కడిగితే ఫిల్టర్ బ్యాక్టీరియా పోయి, తేట నీళ్లలోనే చేపలు చనిపోవచ్చు.

అన్నీ చేసినా మళ్లీ పచ్చబడితే

ఎండ ఆపి, మేత తగ్గించి, దూది సరిచేశాక కూడా తిరిగొస్తే మీరు పోసే నీళ్లనే చూడాలి. కొన్ని బోరు నీళ్లలో నాచుకు ఎరువయ్యే నైట్రేట్ ముందే ఉంటుంది, ట్యాంకర్ నీళ్లు ఏ బోరువో మనకు తెలియదు. రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో మీ కుళాయి నీళ్లు, ఒకదాంట్లో క్యాన్ వాటర్ పోయండి. రెండింటికీ యాంటీ క్లోరిన్ వేసి, ట్యాంకు పచ్చనీళ్లు ఒక్కో చెంచా కలిపి, బాల్కనీలో ఒకే వెలుగులో వారం పెట్టండి. కుళాయి సీసా ముదురు పచ్చబడి, క్యాన్ సీసా దాదాపు తేటగా ఉంటే ఎరువు మీ కుళాయిలోంచే వస్తున్నట్టు. అప్పుడు నీళ్లు మార్చేటప్పుడు సగానికి సగం ఆర్వో నీళ్లు కలపండి. లేదా త్వరగా పెరిగే హార్న్‌వర్ట్ మొక్క ఒక గుప్పెడు ట్యాంకులో తేలేయండి, నాచుకు దక్కాల్సిన నైట్రేట్‌లో చాలాభాగం అది తీసుకుంటుంది. గోల్డ్‌ఫిష్ దాన్ని కొరుకుతుంది కాబట్టి వారం వారం కొంచెం కొత్తది వేయాల్సి వస్తుంది.