నవలా రచన, 7వ పాఠం: అధ్యాయాన్ని ఎక్కడ ఆపాలి?

సన్నివేశం మొదట్లోనే పాత్ర కోరికను పాఠకుడికి ఎలా తెలియజేయాలో గత పాఠంలో చూశాం. ఈసారి అధ్యాయం చివరి పది పంక్తుల సంగతి. వారపత్రిక సీరియల్లో "సశేషం" అన్న మాటకు సరిగ్గా పైన ఉండే పంక్తులివి.

ముందుగా ఒక పాత నవలను దగ్గరగా చూద్దాం. థామస్ హార్డీ రాసిన 'ఎ పెయిర్ ఆఫ్ బ్లూ ఐస్' 1872-73లో లండన్ నుంచి వెలువడే ఒక మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో నైట్ అనే అతను, ఎల్‌ఫ్రిడ్ అనే అమ్మాయి సముద్రం ఒడ్డున కొండ అంచు దగ్గర ఉంటారు. గాలికి ఎగిరిపోయిన టోపీ కోసం నైట్ వెళ్లి, వాన తడికి జారి, అంచు కిందికి దిగిపోతాడు. సాయానికి వచ్చిన ఎల్‌ఫ్రిడ్ కూడా జారుతుంది. అతను ఆమెను పైకి ఎక్కిస్తాడు. ఆ ఊపుకు అతని కాళ్ల కింది రాయి కదిలిపోతుంది. చేతికందిన గడ్డి దుబ్బును పట్టుకుని వేలాడుతుంటాడు. ఊరికి పరుగెత్తి మనుషుల్ని తేవడానికి ముప్పావు గంట పడుతుందని ఆమె అంటుంది. తన చేతులు పది నిమిషాలు కూడా పట్టి ఉండలేవని అతనంటాడు. కాసేపటికి ఆమె అతని కంటికి కనిపించకుండా పోతుంది. 21వ అధ్యాయం అక్కడ ముగుస్తుంది.

ఈ ముగింపు ఎందుకు లాగుతుందో విప్పి చూడండి. ప్రమాదం ఆకాశం నుంచి ఊడిపడలేదు: గాలి, టోపీ, తడి నేల, రాయి, ఒకదాని వెనుక ఒకటి మన కళ్ల ముందే జరిగాయి. రాయి కదలడానికి కారణం అతను ఆమెను కాపాడటమే. ముప్పావు గంట, పది నిమిషాలు అన్న రెండు లెక్కలు పక్కపక్కన పెట్టడంతో మన ప్రశ్న చాలా స్పష్టంగా తయారైంది: ఊరికి వెళ్లి రావడం కుదరదు కాబట్టి ఈ అమ్మాయి ఇప్పుడేం చేస్తుంది? అన్నిటికంటే ముఖ్యం, అంచున వేలాడే నైట్‌కు ఎంత తెలుసో మనకూ అంతే తెలుసు. రచయిత మన దగ్గర ఏదీ దాచలేదు. తర్వాతి అధ్యాయంలోనే జవాబు వస్తుంది: ఆమె తన లోపలి బట్టలు చింపి, పేని, తాడు చేస్తుంది. అతను బతుకుతాడు. ఇద్దరూ కౌగిలించుకుంటారు. కానీ ఆమె అంతకుముందే ఇంకొకరికి మాటిచ్చింది, ఆ మనిషి ఓడలో తిరిగి వస్తున్నాడు. ప్రాణం దక్కుతుందా అన్న చిన్న ప్రశ్న తీరింది, ఎవరిని చేసుకుంటుంది అన్న పెద్ద ప్రశ్న మరింత బిగిసింది.

ఇప్పుడు మన ఇళ్లల్లో జరిగే కథకు ఇదే పద్ధతి పట్టిద్దాం. తండ్రి పోయాక పద్మ బీరువా సర్దుతోంది. చాలామంది అధ్యాయాన్ని ఇలా ఆపుతారు:

"కవర్లోంచి కాగితం తీసి చదివింది. పద్మ ముఖం పాలిపోయింది. కాళ్ల కింద నేల కదిలినట్టయింది. అందులో ఉన్నది..."

పద్మకు తెలిసిపోయింది, పాఠకుడికి మాత్రం చెప్పలేదు. ఇంతసేపూ ఆమె కళ్లతో చూపించి, అవసరమైన క్షణంలో ఆ కళ్లు మూసేశారు. పాఠకుడికి పద్మ మీద బెంగ పుట్టాల్సిన చోట రచయిత మీద అనుమానం పుడుతుంది. పైగా దాచిన విషయం మీద ఊహలు పెరిగిపోయి, వచ్చే వారం అసలు సంగతి ఎంత పెద్దదైనా చప్పగా తోస్తుంది. ఇదే అధ్యాయాన్ని ఇంకొక నాలుగు వాక్యాలు ముందుకు నడపండి:

"ఇల్లు అన్నయ్య పేరున గిఫ్ట్ డీడ్ అయి రెండేళ్లయింది. కింద సాక్షి సంతకం అమ్మది. 'పద్మా, కాఫీ చల్లారిపోతోందే' అని వంటింట్లోంచి అమ్మ పిలిచింది. పద్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన బ్యాగులో వేసుకుని, 'వస్తున్నానమ్మా' అంది."

రహస్యం చెప్పేశాం, అయినా పట్టు పెరిగింది. అమ్మను అడుగుతుందా, అన్నయ్యను నిలదీస్తుందా, కాగితం పోయిందని వాళ్లు ముందే కనిపెడతారా? కాగితం బ్యాగులో వేసుకోవడం ఒక నిర్ణయం, ఇక వెనక్కి తీసుకోవడం కష్టం. అందుకే మా సలహా: విషయం బయటపడ్డ చోట ఆపకండి. దాన్ని విన్న మనిషి మొదట చేసిన పని దాకా వెళ్లి ఆపండి. ఆ పని తర్వాత ఇంకో పేరా రాసి ఆమె దుఃఖాన్ని వివరించారో, బిగువు జారిపోతుంది. కొత్తవాళ్ల రాతప్రతుల్లో చివరి రెండు మూడు వాక్యాలు కొట్టేస్తే బాగుపడే అధ్యాయాలు ఎన్నో ఉంటాయి.

మోసంలా అనిపించే ముగింపులు ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి ఉత్తుత్తి భయం. అర్ధరాత్రి తలుపు చప్పుడుతో ఆపి, వచ్చే వారం పక్కింటాయన టార్చిలైటు అడగడానికి వచ్చాడని తేల్చడం. దీనికి పరీక్ష సులువు. చప్పుడు వల్ల వచ్చిన జవాబు కథను ఏ కొంచెమైనా మార్చిందా? మార్చకపోతే ఆ ముగింపును తీసేయండి. పక్కింటాయన వచ్చినప్పుడు ఇంట్లో ఉండకూడని మనిషిని చూశాడనుకోండి, అప్పుడదే చప్పుడు న్యాయమైనదవుతుంది.

రెండోది బాకీ తీర్చకుండా సాగదీయడం. హీరోయిన్‌ను ఆపరేషన్ థియేటర్లోకి పంపి, తర్వాతి మూడు భాగాలు ఆమె మరిది వ్యాపారం గురించి నడపడం. వేరే కథలోకి వెళ్లడం తప్పు కాదు, కానీ మా లెక్కలో ఒక్క అధ్యాయం చాలు. అది కూడా మొదటి ప్రశ్నను తాకాలి: ఆపరేషన్‌కు కట్టాల్సిన డబ్బు మరిది దగ్గరే ఇరుక్కుందనుకోండి, పాఠకుడు ఆ అధ్యాయాన్ని ఓపిగ్గా చదువుతాడు. సంబంధం లేకపోతే పేజీలు దాటేస్తాడు.

ఇక మోతాదు. ప్రతి అధ్యాయాన్నీ కొండ అంచున ఆపితే, పదో అధ్యాయానికి పాఠకుడు ప్రమాదాన్ని ముందే పసిగట్టి, దాన్ని నమ్మడం మానేస్తాడు. వారానికొకసారి చదివేవాడికి మధ్యలో ఏడు రోజుల విరామం ఉంటుంది కాబట్టి అంతగా తెలియదు. అదే సీరియల్‌ను పుస్తకంగా వేసినప్పుడు ఒక్క సాయంత్రంలో పది కుదుపులు తగులుతాయి. పుస్తకానికి సిద్ధం చేసేటప్పుడు ముగింపులన్నీ వరసగా ఒక కాగితం మీద రాసుకోండి. ఐదింట్లో ఒకటికి మించి ప్రాణాపాయం ఉంటే తగ్గించండి. మిగతావి ఒక నిర్ణయంతోనో, ఒక అబద్ధంతోనో, తెలిసిన సంగతికి కొత్త అర్థం రావడంతోనో ఆగవచ్చు. చావు, పురుడు, ఏళ్ల తర్వాత రాజీ లాంటి సన్నివేశాల చివర ఏ కొక్కెమూ తగిలించకండి. పాఠకుడు ఆ బరువును మోయడానికి కాస్త చోటు కావాలి, అక్కడ ఫోన్ మోగిస్తే ఆ చావును మీరే నమ్మలేదని అనిపిస్తుంది.

ఈ వారం అభ్యాసం. మీరు రాసిన ఐదు అధ్యాయాలు వరసగా తీసుకోండి. ఒక్కోదాని కింద మూడు సంగతులు రాయండి: పాఠకుడి మనసులో మిగిలే ప్రశ్న ఒకే వాక్యంలో, దానికి జవాబు వచ్చే పేజీ సంఖ్య, ఆ జవాబు వల్ల ఎవరి పరిస్థితి మారిందో. ప్రశ్నను "ఏమైంది?" అన్న ఒక్క మాటకు మించి రాయలేకపోతే, మీరు ఏదో దాచారని గుర్తు. ఆ అధ్యాయాన్ని పద్మ కాగితంలా నాలుగు వాక్యాలు ముందుకు నడిపి మళ్లీ రాయండి. వచ్చే పాఠంలో తర్వాతి అధ్యాయం మొదటి ఐదు వాక్యాలు, జరిగిన కథ మళ్లీ చెప్పకుండానే పాఠకుణ్ణి తిరిగి సన్నివేశంలోకి దించే పద్ధతి చూద్దాం.