ముఖం మీదికొచ్చిన చెయ్యి కరిగిపోతుంటే

మా షార్ట్‌ఫిల్మ్‌లో ఒక షాట్ డూప్ చేశాడు. ఇద్దరి అనుమతితోనే, వీడియోలో ముఖాలు మార్చే డీప్‌ఫేస్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో అతనికి హీరో ముఖం పెట్టాను. అంతా బాగానే ఉంది కానీ, అతను చేత్తో మూతి తుడుచుకునే చోట వేళ్లు మాయమై, వాటి మీద హీరో పెదాలు తేలేవి. ఎంత భాగం మార్చాలో చెప్పేది మాస్క్. నేను వాడిన మాస్క్ ముఖం ఆకారాన్ని బట్టి గీసింది. ముఖానికి అడ్డంగా చెయ్యి ఉందని దానికి తెలియదు.

అందుకే, మనం గీసి చూపిస్తే నేర్చుకునే `XSeg` మాస్క్‌కి నేర్పించాను. డూప్ ఫ్రేముల్లో నలభై దాకా ఎంచి, ముఖం చుట్టూ గీత గీసి, చేతిని బయటికి తీసేశాను. మొదట చెయ్యి స్పష్టంగా ఉన్నవే ఎంచాను, అది తప్పు. చెయ్యి వేగంగా కదిలి మసకగా మారిన ఫ్రేముల్లో వేళ్ల అంచులు మినుకుమినుకుమనేవి. అలాంటివి ఇంకో పదిహేను గీసి మళ్లీ ట్రైన్ చేశాక నిలకడ వచ్చింది. తర్వాత ఆ మాస్క్‌ని ముఖాలన్నింటికీ అప్లై చేసి, కొత్త ముఖాన్ని షాట్‌లో కలిపే మెర్జ్ దశలో మాస్క్ మోడ్ `XSeg-dst` పెట్టాను. అంచు కొంచెం బ్లర్ చేస్తే అతుకు కనబడలేదు.

డూప్ పెట్టుకున్న కళ్లద్దాలు మాత్రం ఇలా లొంగలేదు. కళ్లద్దాల్ని మొత్తంగా మాస్క్ బయటికి తీసేస్తే అద్దాల వెనక డూప్ కళ్లే మిగులుతాయి, లోపల ఉంచితే వాటి సన్నటి ఫ్రేమ్ అలుక్కుపోతుంది. హీరోకి అవే కళ్లద్దాలు పెట్టి, ముఖం అన్ని వైపులా తిప్పిస్తూ మళ్లీ షూట్ చేశాం.