డీఏపీ బస్తా కొనే ముందు అరకిలో మట్టి

మొక్కజొన్నకు ఏటా ఎకరాకు బస్తా డీఏపీ. "తగ్గిస్తే దిగుబడి పడిపోద్దమ్మా" అనేవాడు నాన్న. "వేసిన భాస్వరమంతా పైరు తీసుకోదు నాన్నా, చాలావరకు మట్టిలోనే పేరుకుంటుంది. ఎంతుందో చూసి కొందాం" అన్నాను. నేను చదివింది వ్యవసాయమే.

ఎకరంలో అడ్డదిడ్డంగా తిరిగి 8 నుంచి 10 చోట్ల పైచెత్త పక్కకు తీసి, జానెడు లోతున 'వి' ఆకారంలో గుంట తవ్వాం. గుంట అంచు వెంట పైనుంచి కిందికి పలుచగా మట్టి చెక్కాం. అంతా కలిపి పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయాలి. అరకిలో మిగిలేదాకా అలాగే చేసి, నీడలో ఆరబెట్టి ల్యాబ్‌కి ఇచ్చాం.

రిపోర్టులో భాస్వరం 'ఎక్కువ' అని వచ్చింది. అలా వస్తే సిఫార్సులో సుమారు 30 శాతం తగ్గించవచ్చు. అంటే 50 కిలోల డీఏపీకి బదులు 35 కిలోలు. దాంతో తగ్గే నత్రజనికి ఎకరాకు 6 కిలోల యూరియా కలిపితే సరి. నాన్న ఒప్పుకున్నాడు!

గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన చోట మట్టి తీయొద్దు. ఎరువు వేసిన కొత్తలో తీసినా లెక్క తప్పుతుంది. పంట కోశాక, దుక్కికి ముందు తీయండి.