పోశ్చర్ పరీక్ష, మూడో పాఠం: గుండ్రని వీపు

పోయిన పాఠంలో పిల్లల్ని ముందు నుంచీ వెనక నుంచీ చూశాం. ఈసారి పక్క నుంచి చూద్దాం, ఎందుకంటే వీపు ముందుకి గుండ్రంగా వంగిందా లేదా అన్నది పక్క నుంచే తెలుస్తుంది.

ఒక దారం చివర చిన్న బరువు కట్టి పైనుంచి వేలాడదీయండి. విద్యార్థిని చెప్పులు విప్పించి, దారానికి అవతల, మనకి ఒక పక్క కనపడేలా తిరిగి నిలబడమనండి. చీలమండ ఎముకకి కాస్త ముందుగా దారం పడాలి. అక్కడ కుదిరాకే పైకి చూడండి: మోకాలి మధ్యకి కొంచెం ముందు, తుంటి పక్కన చేతికి తగిలే ఎముక, భుజం కొన, చెవి తమ్మె, ఇవన్నీ ఇంచుమించు ఆ దారం మీదే ఉండాలి. ఒక్క మాట, "నిటారుగా నిలబడు" అని మాత్రం అనకండి. అన్నారో, వాడు అటెన్షన్‌లోకి వెళ్లిపోతాడు, మీకు కావాల్సింది కనపడకుండా పోతుంది. ఉన్నచోటే నాలుగడుగులు వేయించి, ఆపమని, అప్పుడు చూడండి.

పదమూడేళ్ల అబ్బాయి ఒకడు నిలబడ్డాడనుకుందాం. చెవి దారానికి రెండు వేళ్ల వెడల్పు ముందుకుంది, భుజం కొన కూడా ముందుకే ఉంది, చేతులు వేలాడేసినప్పుడు అరచేతులు తొడల వైపు కాకుండా వెనక్కి తిరిగి ఉన్నాయి. ఇక్కడ చాలామంది వెంటనే వ్యాయామాలు మొదలుపెట్టేస్తారు. ఆగండి, అది అలవాటు వల్ల వచ్చిన వంపా, ఎముకలోనే ఉన్న వంపా అన్నది ముందు తేలాలి.

వాణ్ణి బోర్లా పడుకోబెట్టి, ఛాతీ కొంచెం పైకెత్తమనండి. వీపు చదునైతే అలవాటు వంపే, మన చేతిలో పని. ఎత్తినా గూని అలాగే ఉండి, నిలబడి ముందుకు వంగినప్పుడు వీపు నున్నటి విల్లులా కాక ఒకచోట కోణంగా పొడుచుకొస్తే, లేదా నొప్పి, తిమ్మిరి ఉన్నా, వ్యాయామం మన పని కాదు. తల్లిదండ్రులకి విడిగా చెప్పి ఎముకల డాక్టర్ దగ్గరికి పంపించండి. క్లాసు ముందు మాత్రం అనొద్దు, గూని అన్న పేరు ఒకసారి పడితే వదలదు.

మన అబ్బాయి వీపు చదునైందనుకుందాం. వాడికి రెండు చాలు. మొదటిది, బోర్లా పడుకుని చేతులు ఒంటి పక్కన పెట్టి, బొటనవేళ్లు బయటికి తిప్పి, రెక్క ఎముకలు దగ్గరికి లాగుతూ ఛాతీ కొద్దిగా ఎత్తాలి. 5 సెకన్లు ఆపి దించాలి, అలా 10 సార్లు. గడ్డం పైకి లేపి ఎదురుగా చూస్తున్నాడంటే మెడతో లాగుతున్నట్టే, చూపు నేల మీదే ఉంచమనండి.

రెండోది, గుమ్మంలో నిలబడి మోచేతులు భుజాల ఎత్తున చెరో పక్క ఆనించి, ఒక కాలు ముందుకేసి ఛాతీ ముందు భాగం సాగదీయడం. 20 సెకన్లు, 3 సార్లు. నడుము లోపలికి వంచేస్తే సాగేది ఛాతీ కాదు, పొట్ట కాస్త బిగించమంటే సరిపోతుంది.

వారానికి నాలుగైదు రోజులు చేయించి, ఆరేడు వారాల తర్వాత అదే దారం దగ్గర, మళ్లీ ఏమీ చెప్పకుండా నిలబెట్టి చెవి ఎక్కడుందో రాసుకోండి. వచ్చే పాఠంలో ఒక భుజం ఎత్తు, ఒకటి పల్లం.