పై స్వరాలు శృతి మించుతున్నాయా? చేతిని తిట్టుకోకముందు బ్రిడ్జి చూడమ్మా

అమ్మాయ్, నీ మెసేజ్ చదివా. "చెయ్యి పోయింది మాస్టారూ, ఇంక వయొలిన్ పెట్టెలో పెట్టేస్తా" అన్నావు. దానికి ముందు ఇంకో ముక్క రాశావు చూడు, మోహన వర్ణం వాయిస్తే తార షడ్జం దాకా పర్లేదు, గాంధారం కొంచెం పైకి పోతోంది, మొదటి తీగ మీద తార పంచమం అయితే చెవిలో గుచ్చుకుంటోంది అని. నాకు కావాల్సింది ఆ ముక్కే.

శృతి సరిచేసుకునే మొదలుపెట్టా అన్నావు, సరే. పది నిమిషాలు వాయించినాక మళ్ళీ తంబూరాతో కలిపి చూశావా? ఎవరూ చూడరు, అందుకే చెప్తున్నా. కానీ తీగ జారితే స్వరాలన్నీ కలిసి కిందికి జారతాయి, పైవి మాత్రమే పైకి పోవు. చెయ్యి మర్చిపోయుంటే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడుతుంది. నీకేమో ఎప్పుడూ ఒకేవైపు, అదీ పైకి వెళ్ళేకొద్దీ ఎక్కువవుతోంది. అంటే నీ వేలు పాత చోటనే కచ్చితంగా పడతా ఉండాది, తీగ పొడవే మారింది!

ఇది తీగల్ని ఎత్తిపట్టే చెక్క ముక్క, అదే బ్రిడ్జి, ముందుకు వాలడం. ఇది తెలీకే మంచి పిల్లలు వాయిద్యం వదిలేయడం చూశా, అందుకే కాస్త వివరంగా చెప్తా. మన నెల్లూరు ఎండల్లో బిరడలు ఎండిపోయి జారతాయి, నువ్వేమో చాన్నాళ్ళ తర్వాత పెట్టె తీసి రోజూ బిరడ తిప్పి బిగిస్తా ఉంటావు, బిగించిన ప్రతిసారీ తీగ బ్రిడ్జి తలని కొంచెం ఫింగర్ బోర్డు వైపు లాగుతుంది, కంటికి కనపడదు. బ్రిడ్జి నుంచి మెడ చివర నట్ దాకా తీగ పొడవు సుమారు 33 సెంటీమీటర్లు అనుకో. బ్రిడ్జి తల 4 మిల్లీమీటర్లు వాలిందంటే తీగ సగం 2 మిల్లీమీటర్లు బిరడల వైపు జరిగినట్టే. నట్ దగ్గరి స్వరాలకి ఆ తేడా చాలా తక్కువ కాబట్టి తెలీదు. తార పంచమం సరిగ్గా తీగ సగంలో ఉంటుంది కదా, అక్కడ బయటపడుతుంది.

ఇట్లా పరీక్ష చెయ్యి. మొదటి తీగ మీద అలవాటుగా తార పంచమం పట్టే చోట వేలిని నొక్కకుండా ఊరికే ఆనించి కమాను లాగు. గంటలా మోగితే బ్రిడ్జి బాగున్నట్టు. మోగకపోతే వేలిని కొంచెం కొంచెంగా బిరడల వైపు జరుపుతూ మోగే చోటు పట్టుకో. అది నీ అలవాటు చోటు కన్నా బిరడల వైపు ఉంటే బ్రిడ్జి వాలిందన్నమాట. ఆ మోగిన చోటే ఇప్పుడు గట్టిగా నొక్కి వాయించు. శృతి బాగా తేడాగా వస్తే తీగ కూడా చచ్చింది, మీ కావలి సముద్రపు గాలికి స్టీలు తీగలు తుప్పు పడతాయి, మార్చెయ్. ఒక్కొక్కటిగా మార్చు, అన్నీ ఒకేసారి ఇప్పబాక, లోపల నిలబెట్టిన పుల్ల, సౌండ్ పోస్ట్, పడిపోవచ్చు.

బ్రిడ్జి సరిచేయడానికి వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని, తీగలన్నీ కొంచెం, ఒక స్వరం మేర వదులు చెయ్యి. తీగ ఆనే గాట్లలో పెన్సిల్ ముక్కుతో రుద్దు, జారుడు వస్తుంది. బ్రిడ్జి పైభాగాన్ని రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడువేళ్ళ మధ్య పట్టుకుని, మోచేతులు తొడలకి ఆనించి, వెనక్కి మెల్లిగా తెచ్చుకో. తీగల కింది కొసలు కట్టిన టెయిల్‌పీస్ వైపున్న బ్రిడ్జి ముఖం నిట్టనిలువుగా ఉండాలి. పెళ్లిపత్రిక మూల ఆనించి చూస్తే తెలిసిపోతుంది. బ్రిడ్జి పాదాలు రెండూ చెక్కకి పూర్తిగా అతకాలి, కింద సందు కనపడకూడదు. మళ్ళీ శృతి చేసేటప్పుడు ఒక్కో తీగ బిగించాక ఒకసారి చూసుకో, అప్పుడే మళ్ళీ వాలేది.

ఇవన్నీ చేశాక కూడా పైకి పోతే పగుళ్ళు, మెడ ఊడడం లాంటివి ఉండొచ్చు, అవి అరుదు, రిపేరు చేసే ఆయనకి చూపించాలి, నువ్వు చెయ్యి పెట్టబాక.

రెండ్రోజులు వర్ణం ముట్టుకోబాకమ్మా. పొద్దున్నే ఇరవై నిమిషాలు, మాయామాళవగౌళ సరళీ వరుసలు మొదటి కాలం, ఒక్కో స్వరానికి ఒక నిండు కమాను, మధ్యలో ఒకసారి ఆగి శృతి, బ్రిడ్జి చూసుకో. వేళ్ళ కొసలు మెత్తబడి ఉంటాయి, మంట పుడితే ఆపేసి సాయంత్రం మిగతాది వాయించు. మూడోరోజు మోహన వర్ణం పల్లవి ఒక్కటే, నిదానంగా. ఆ తర్వాత తార పంచమం విడిగా వాయించి ఫోన్లో రికార్డు చేసి పంపు, వినగానే నీకు ఫోన్ చేస్తా.