టోకెన్ కొట్టేముందు ఆ ఫ్లాట్ ఇచ్చేది ఎవరో తేల్చుకోవడం ఎలా?

నెల్లూరు వేదాయపాళెంలో ఒక డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్ చూశారనుకోండి. అద్దె 11 వేలన్నారు, అదే అపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్లు 14 వేలు కడుతున్నారు. "పొద్దున్నుంచి ముగ్గురు చూసిపోయారు సార్, ఐదు వేలు టోకెన్ కొడితే మీకే ఆపుతా" అంటాడు బ్రోకర్. ఆ ముగ్గురి దగ్గరా ఐదేసి వేలు తీసుకుని ఉండొచ్చు. ఓనర్‌కి మాత్రం ఒక్కరి సంగతీ తెలియదు.

చాలామంది తాళంచెవి చూసి నమ్మేస్తారు. ఓనర్ చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉంటే తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. ఇల్లు చూపించి ఇచ్చేస్తానంటే ఎవరడిగినా ఇస్తాడు.

అందుకే ముందు కింద మీటర్ల దగ్గరికి వెళ్లండి. ఆ ఫ్లాట్ మీటర్ చూసి, సర్వీస్ నంబర్ రాసుకుని, కరెంటు బిల్లు అడగండి. బిల్లు మీద పేరుంటుంది. కొన్నిచోట్ల అది ఇంకా బిల్డర్ పేరునే నడుస్తుంటుంది కాబట్టి, పేరు కలవనంత మాత్రాన మోసమనుకోవద్దు. అలాంటప్పుడు ఇంటి పన్ను రసీదు చూపించమనండి.

తర్వాత ఓనర్‌తో మాట్లాడాలి. బ్రోకర్ కలిపిచ్చే ఫోన్ పనికిరాదు, అవతల మాట్లాడేది వాళ్ల బావమరిదే కావచ్చు. నంబర్ వాచ్‌మన్‌నో, ఎదురు ఫ్లాట్ వాళ్లనో, అసోసియేషన్ వాళ్లనో అడిగి తీసుకోండి. అద్దె ఎంతో మీరు నోరు జారకండి, ఆయన్నే చెప్పనివ్వండి. ఆయన 14 అంటే, బ్రోకర్ చెప్పిన 11 ఉత్తుత్తి ఎర. ఈ బ్రోకర్‌కి ఇల్లు అప్పజెప్పారా, ఇంకెవరికైనా మాటిచ్చారా అని కూడా అడగండి.

టోకెన్ ఓనర్ ఖాతాకే వేయండి. యూపీఐలో డబ్బు పంపే ముందు కనిపించే ఖాతాదారు పేరును బిల్లు మీదో, పన్ను రసీదు మీదో ఉన్న పేరుతో పోల్చుకోండి. "నా నంబర్‌కే కొట్టండి, నేను ఇస్తా" అంటే అక్కడితో ఆపేయండి. బ్రోకర్ కమిషన్ వేరే లెక్క, అది అగ్రిమెంట్ అయ్యాకే. డబ్బు వేశాక ఓనర్‌కి వాట్సాప్‌లో ఇలా పెట్టి, "సరే" అని జవాబు రాబట్టండి: "ఫ్లాట్ 302కి టోకెన్ 5,000 పంపాను. అద్దె 14,000. ఒకటో తేదీకి ఇల్లు ఇవ్వకపోతే మొత్తం వెనక్కి ఇవ్వాలి."

ఇప్పటికే బ్రోకర్‌కి ఇచ్చేశారా? "పెయింటింగ్ అవుతోంది", "ఓనర్ ఊళ్లో లేడు" అని రెండుసార్లు వాయిదా వేశాడంటే, గొడవకి దిగకుండా ముందు ఆధారం సంపాదించండి. "నేనిచ్చిన 5,000 ఏ ఫ్లాట్‌కి?" అని మెసేజ్ పెట్టి జవాబు రప్పించండి. యూపీఐ లావాదేవీ వివరాల్లోని 12 అంకెల యూటీఆర్ నంబర్ దాచుకోండి. ఇంకెవరెవరు ఇల్లు చూసి వెళ్లారో వాచ్‌మన్‌ని అడగండి. ఒక్కరే స్టేషన్‌కి వెళ్తే డబ్బు తగాదా అని పంపేస్తారు. ఒకే ఫ్లాట్‌కి నలుగురు డబ్బు కట్టిన రుజువులు కలిపి పెడితే, మొదట్నుంచీ మోసం చేసే ఉద్దేశమేనని తెలిసిపోతుంది. భారతీయ న్యాయ సంహితలో దీనికి వర్తించేది 318వ సెక్షన్. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి, మనిషిని కలవకుండానే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఫిర్యాదు పడగానే బ్రోకర్, గట్టిగా అరిచేవాళ్లకి ఇంకొకరి టోకెన్ తెచ్చి ఇచ్చేస్తాడు. రాజీ కాగితం మీద సంతకం అడిగితే, డబ్బు ఖాతాలో పడిందాకా పెట్టొద్దు.